జన్యు మార్పిడి పంటల తిండి: పెద్ద సమీక్షలు ఏం తేల్చాయి, ఎక్కడ ఆగాయి

(ఆహార భద్రత మీద జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకే వస్తాను. జన్యు మార్పిడి పంటల గురించి మాట్లాడమంటే మనలో చాలామంది పత్తి రైతు అప్పుల దగ్గర మొదలుపెట్టి, విత్తన కంపెనీల పెత్తనం మీదుగా వెళ్లి, చివరికి క్యాన్సర్ దగ్గర తేలతాం. అవన్నీ మాట్లాడాల్సినవే, కాదనను. కానీ అవి వేరువేరు ప్రశ్నలు, ఒకదానికి దొరికిన జవాబు ఇంకోదానికి పనికిరాదు. ఈరోజు నేను తీసుకున్నది ఒక్కటే: ఆ పంటను తిన్న మనిషికి దానివల్ల ఒంట్లో హాని జరుగుతుందా లేదా, దీని మీద వందల పరిశోధనలను కలిపి చదివిన పెద్ద సమీక్షలు ఏం తేల్చాయి.

జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత అది ఎలా వచ్చిందో చూద్దాం. ఇప్పటికి మార్కెట్లో ఉన్న జన్యు మార్పిడి పంటల తిండి, అదే పంట మామూలు రకం తిండి కంటే ఎక్కువ ప్రమాదకరమని చూపించే గట్టి ఆధారం దొరకలేదు. 2010లో యూరోపియన్ కమిషన్ తన డబ్బుతో పాతికేళ్లకు పైగా నడిచిన 130కి పైగా ప్రాజెక్టులను, 500కు పైగా పరిశోధక బృందాల పనిని కలిపి చూసి ఇంచుమించు ఇదే మాట చెప్పింది. 2014లో ఇటలీ శాస్త్రవేత్తలు పదేళ్లలో వచ్చిన 1783 పత్రాలను చూసి, ఈ పంటలతో నేరుగా ముడిపడిన పెద్ద ప్రమాదమేదీ కనిపించలేదన్నారు. 2016లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీలు వేసిన కమిటీ, ఫ్రెడ్ గూల్డ్ అనే కీటక శాస్త్రవేత్త అధ్యక్షతన, 900కు పైగా పరిశోధనలు చదివి, పంటలకు వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లను కూడా పిలిచి విని, మామూలు జనం రాసి పంపిన వందల అభ్యంతరాలను చదివి అదే చోటికి వచ్చింది. వీటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ 2016 నివేదికే, ఎందుకంటే అది కంపెనీలకు కూడా పూర్తిగా నచ్చే నివేదిక కాదు. ఈ పంటల వల్ల అమెరికాలో జాతీయ స్థాయిలో దిగుబడి పెరిగే వేగం మారినట్టు ఆధారం లేదని కూడా అదే నివేదిక రాసింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి: "మామూలు రకం కంటే". సమీక్షలు ఏవీ ఈ తిండి పరమ సురక్షితం అని అనలేదు. అనలేవు కూడా. మనం రోజూ తినే మామూలు తిండే అలా పరీక్ష పాసైంది కాదు. బంగాళాదుంప పచ్చబడితే అందులో సొలనిన్ పెరుగుతుంది, పత్తి గింజలో గాసిపాల్ అనే విషం సహజంగానే ఉంటుంది, వేరుశెనగ గింజ మీద బూజు పడితే అఫ్లాటాక్సిన్ వస్తుంది. అందుకని పరీక్ష చేసేవాళ్లు అడిగే ప్రశ్న పోలిక ప్రశ్న. ఒకే మొక్కజొన్న, ఒకే వంశం, ఒకే నేల, ఒకే నీళ్లు, తేడా అల్లా కొత్తగా చేర్చిన జన్యువు. ఈ రెంటిలో మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు, సహజ విషాలు ఏమన్నా మారాయా? కొత్తగా వచ్చిన ప్రొటీన్ కడుపులో అరుగుతుందా? తెలిసిన ఎలర్జీ ప్రొటీన్లతో దానికి పోలిక ఉందా? తర్వాత ఎలుకలకు తొంభై రోజులు పెట్టి చూస్తారు.

పురుగును చంపడానికి పత్తిలాంటి పంటల్లో చేర్చిన బీటీ ప్రొటీన్ సంగతే చూడండి. పురుగును చంపేది మనల్నెందుకు చంపదు అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కాయతొలిచే పురుగు పేగులో క్షార గుణం ఎక్కువ. అక్కడ ఆ ప్రొటీన్ కరిగి, పేగు గోడ మీద ఉండే ప్రత్యేకమైన గ్రాహకాలకు అతుక్కుని, గోడకు చిల్లులు పెడుతుంది. మన కడుపులో ఆమ్లం. అక్కడ అది మిగతా ప్రొటీన్లలాగే ముక్కలవుతుంది, పైగా అది అతుక్కునే గ్రాహకాలు మన పేగులో లేవు. ఇదొక్కటే రుజువని కాదు. కానీ హాని జరగడానికి దారి ఏదన్నా ఉందా అని చూసేటప్పుడు ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

ఇప్పుడు ఎలుకల దగ్గరికి వద్దాం. మీలో చాలామంది ఆ ఫోటోలు చూసే ఉంటారు, ఒంటి మీద నిమ్మకాయంత కణితులు వేలాడుతున్న తెల్ల ఎలుకలు. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ ఫోటోలు 2012 సెప్టెంబరులో ఫ్రాన్స్ శాస్త్రవేత్త జీల్-ఎరిక్ సెరాలినీ బృందం ప్రచురించిన పరిశోధనలోవి. దీన్ని కొంచెం ఓపిగ్గా చూద్దాం, ఎందుకంటే ఒక్క పరిశోధనకీ, సమీక్షకీ తేడా ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వాళ్లు తీసుకున్న పంట ఎన్‌కే603 అనే మొక్కజొన్న. రౌండప్ అనే కలుపు మందు కొట్టినా ఈ మొక్క చావదు. ఎలుకలు మొత్తం 200, సగం మగవి, సగం ఆడవి. వాటిని పదేసి చొప్పున గుంపులుగా విడగొట్టారు. ఆడవాటిలో పది గుంపులు, మగవాటిలో పది గుంపులు. ఒక్కో పదిలో మూడు గుంపులకు ఆ మొక్కజొన్నను 11, 22, 33 శాతం మోతాదుల్లో మేతలో కలిపారు, ఇంకో మూడింటికి మందు కొట్టిన మొక్కజొన్న అవే మోతాదుల్లో, ఇంకో మూడింటికి నీళ్లలో కలుపు మందు. మిగిలిన ఒక్క గుంపు కంట్రోల్, అంటే మామూలు మేత తిన్నవి. రెండేళ్లు పెంచారు.

లోపం ఎక్కడుందో ఇప్పటికే మీలో కొందరు పట్టుకుని ఉంటారు. తొమ్మిది గుంపులను పోల్చడానికి ఉన్నది పదే పది ఎలుకల ఒక్క కంట్రోల్ గుంపు. ఆ పదిలో ఒక్క ఎలుక అటో ఇటో అయితే పది శాతం మారిపోతుంది. క్యాన్సర్ కోసం రెండేళ్లు చేసే పరీక్షలో ఒక్కో గుంపులో ఒక్కో లింగానికి కనీసం 50 ఎలుకలు ఉండాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. రెండో లోపం ఎలుకల జాతి. వాళ్లు వాడింది స్ప్రేగ్-డాలీ రకం. ఈ రకం ఎలుకలకు ఏ మేత పెట్టినా రెండేళ్లు వచ్చేసరికి, ముఖ్యంగా ఆడవాటికి, రొమ్ము దగ్గర కణితులు చాలా ఎక్కువగా వస్తాయి. అది ఆ జాతి లక్షణం. మామూలు మేత తిన్న ఎలుకలకూ కణితులు వచ్చాయి, వాటి ఫోటోలు మాత్రం పత్రంలో వేయలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించిన విషయం. చూసినవాళ్లు ఆ ఫోటోనే గుర్తుపెట్టుకుంటారు, పట్టికను కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పరిశోధకులు చెప్పిన దాని ప్రకారం కంట్రోల్‌లోని పది ఆడ ఎలుకల్లో సగటు ఆయుష్షు లోపే చనిపోయినవి రెండు. మేత మార్చిన గుంపుల్లో అన్నిటికంటే ఘోరంగా ఉన్నచోట పదికి ఏడు. రెండుకీ ఏడుకీ తేడా పెద్దదిగానే ఉంది కదా? చాలామందికి గుర్తుండిపోయేది ఆ ఏడే. కానీ ఇరవై ఎలుకల్లో తొమ్మిది చనిపోయాయి, వాటిని కళ్లు మూసుకుని రెండు బుట్టల్లో పది చొప్పున వేశాం అనుకోండి, మేతకు ఏ సంబంధమూ లేకపోయినా ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ తేడా గానీ రావడానికి ఉన్న అవకాశం వందకు ఏడు. ఇది ఒక్క పోలికకే. అలాంటి పోలికలు ఆడవాటిలో తొమ్మిది, మగవాటిలో తొమ్మిది ఉన్నప్పుడు, వాటిలో అన్నిటికంటే చెడ్డదాన్ని ఏరి చూపిస్తే అది యాదృచ్ఛికంగా రావడం వింతేమీ కాదు. పైగా మోతాదు పెరిగేకొద్దీ జబ్బు పెరగాలి, 11 శాతం తిన్నవాటికంటే 33 శాతం తిన్నవి ఎక్కువ చావాలి. ఆ క్రమం కనిపించలేదు.

2012 నవంబరులో యూరప్ ఆహార భద్రత సంస్థ ఈ పరిశోధన ఏ తీర్మానానికీ సరిపోదని చెప్పింది. 2013 నవంబరులో ప్రచురించిన పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. మోసం జరిగిందని కాదు, ఈ ఫలితాల నుంచి ఏమీ తేల్చలేమని. 2014లో రచయితలు వేరే పత్రికలో మళ్లీ ప్రచురించారు. ఈ మధ్యలో దాని ప్రభావం మాత్రం దేశాలు దాటింది. కెన్యా ప్రభుత్వం 2012 నవంబరులో జన్యు మార్పిడి ఆహార దిగుమతులను ఆపేసింది, ఆ నిషేధం ఎత్తేయాలని నిర్ణయించడానికి 2022 అక్టోబరు దాకా పట్టింది.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు, ఒక చెడ్డ పరిశోధన వచ్చింది, పోయింది అని. నేను ఆపను, ఎందుకంటే అసలు నేర్చుకోవాల్సింది తర్వాత జరిగినదాంట్లో ఉంది. సెరాలినీ పరిశోధన చెడ్డదైనా అది అడిగిన ప్రశ్న చెడ్డది కాదు: తొంభై రోజులు చాలా, రెండేళ్లు పెడితే ఏమవుతుంది? యూరోపియన్ యూనియన్ ఆ ప్రశ్నను కొట్టిపారేయకుండా తన డబ్బుతో మళ్లీ చేయించింది. జీ-ట్విస్ట్ అనే ప్రాజెక్టు, 2014లో మొదలై 2018లో ముగిసింది. అదే ఎన్‌కే603 మొక్కజొన్న, అదే రెండేళ్లు, మేతలో 11 శాతం, 33 శాతం, మందు కొట్టినదీ కొట్టనిదీ. కానీ క్యాన్సర్ పరీక్షలో ఒక్కో గుంపులో ఒక్కో లింగానికి 50 ఎలుకలు, జాతి కూడా వేరు, విస్టార్ రకం. ప్రయోగం ఎలా చేయబోతున్నారో ముందే బయటపెట్టి, వ్యతిరేకించేవాళ్లతో సహా అందరి అభిప్రాయమూ అడిగారు. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. గుంపుల మధ్య అక్కడక్కడ తేడాలు కనిపించాయి, ఇన్ని కొలతలు తీసుకుంటే కొన్ని తేడాలు రాకుండా ఉండవు. ఒక్కోదాన్నీ విడిగా పరిశీలించి, ఆ మొక్కజొన్న వల్ల వచ్చిన హాని అని చెప్పదగ్గది ఏదీ లేదని తేల్చారు. ఫ్రాన్స్ ప్రభుత్వం విడిగా చేయించిన ఆరు నెలల పరీక్షలోనూ అంతే.

సెరాలినీ ఫోటోలు చూసినవాళ్లలో ఎంతమంది ఈ రెండో పరిశోధన పేరు విన్నారు? చెయ్యి ఎత్తమని అడగను. మన తెలుగు చానళ్లలో దాని గురించి గంట చర్చ జరగడం నేనైతే చూడలేదు.

సమీక్ష చేసేవాళ్ల పని ఇక్కడ అర్థం చేసుకోవాలి. వాళ్లు పరిశోధనల తలలు లెక్కపెట్టరు, మంచిదని చెప్పినవి ఇన్ని, చెడ్డదని చెప్పినవి ఇన్ని అని ఓట్లు వేయరు. ఒక్కోదాన్ని ఎలా చేశారో చూస్తారు. 2012లో స్నెల్ బృందం చేసిన సమీక్ష ఉంది, అందులో తొంభై రోజుల నుంచి రెండేళ్ల దాకా సాగిన పరిశోధనలు 12, రెండు నుంచి ఐదు తరాల దాకా పశువుల్లో, ఎలుకల్లో చూసినవి ఇంకో 12. ఆరోగ్యానికి హాని సూచన కనిపించలేదన్నారు. కానీ వాళ్లే ఇంకో మాట రాశారు: ఈ పరిశోధనల్లో చాలావాటికి లోపాలున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన లోపం పోలికకు సరైన జోడీ లేకపోవడం. జన్యువు చేర్చిన రకాన్ని దాని సొంత మాతృ రకంతో కాకుండా బజార్లో దొరికిన ఏదో మొక్కజొన్నతో పోల్చేశారు. అప్పుడు తేడా కనిపిస్తే అది జన్యువుదా, రకానిదా, నేలదా అని ఎలా చెబుతాం? 2016 అమెరికా నివేదిక కూడా ఇదే ఒప్పుకుంది, జంతువుల మీద చేసిన పరీక్షల్లో కొన్నిటిలో సంఖ్య చిన్నది, పద్ధతి సరిగ్గా లేదు, అయినా అన్నీ కలిపి చూస్తే ఒకే వైపు చూపిస్తున్నాయి అని. నాకు ఈ నిజాయితీ వల్లే ఆ తీర్మానం మీద నమ్మకం పెరిగింది.

ఎలుకలు సరే, మనుషుల సంగతేమిటి అని అడుగుతారు. మనుషులను రెండు గుంపులు చేసి ఇరవై ఏళ్లు ఒకరికి ఇది, ఒకరికి అది పెట్టలేం. అయితే అనుకోకుండా అలాంటి పోలిక ఒకటి ప్రపంచంలో ఏర్పడింది. అమెరికా, కెనడా జనం 1990ల మధ్య నుంచి ఈ పంటల తిండి తింటున్నారు. బ్రిటన్, పశ్చిమ యూరప్ జనం దాదాపు తినడం లేదు. 2016 కమిటీ ఈ రెండు వైపుల ఆరోగ్య లెక్కలు పక్కపక్కన పెట్టింది: క్యాన్సర్లు, ఊబకాయం, షుగరు, కిడ్నీ జబ్బులు, గోధుమ పడని సీలియాక్ జబ్బు, ఆటిజం, తిండి ఎలర్జీలు. అమెరికాలో ఆటిజం కేసులు పెరిగాయి, నిజమే, ఆ గీతను జన్యు మార్పిడి సోయా విస్తీర్ణం గీత పక్కన పెట్టి ఇంటర్నెట్‌లో తిప్పుతుంటారు. కానీ బ్రిటన్‌లోనూ అలాగే పెరిగాయి. సీలియాక్ కూడా రెండుచోట్లా పెరిగింది. పైగా అక్కడ మార్కెట్లో జన్యు మార్పిడి గోధుమ అసలు లేనే లేదు. తిండి ఎలర్జీలు కూడా రెండుచోట్లా పెరిగాయి. తిన్నచోటా, తిననిచోటా ఒకేలా పెరిగినదానికి కారణం ఆ తిండి అనడం కుదరదు.

ఈ పోలికకు హద్దులున్నాయి, కమిటీయే చెప్పింది. ఇది దేశాల సగటు. ఎవరెవరు ఎంత తిన్నారో తెలియదు. చాలా అరుదైన హాని, లక్షలో ఒకరికి వచ్చేది, ఇలాంటి లెక్కల్లో కనిపించకపోవచ్చు. పెద్ద హాని ఉంటే కనిపించేది, చిన్నది ఉంటే దాగిపోవచ్చు.

పశువుల లెక్క ఇంకా పెద్దది. అమెరికాలో కోళ్లు, పందులు, ఆవులు తినే దాణాలో ఎక్కువ భాగం 2000 తర్వాత జన్యు మార్పిడి మొక్కజొన్న, సోయానే. 2014లో వచ్చిన ఒక సమీక్ష ఈ పంటలు రాకముందూ, వచ్చిన తర్వాతా, 1983 నుంచి 2011 దాకా, పది వేల కోట్లకు పైగా జంతువుల ప్రభుత్వ లెక్కలు చూసింది. కోళ్ల ఫారాల్లో చావుల శాతం, కబేళాలో పనికిరాదని పక్కన పెట్టిన మాంసం, పాడి ఆవుల పొదుగు ఆరోగ్యం తెలిపే పాలలోని కణాల సంఖ్య. దాణా మారిన ఏడాది నుంచి ఏ గీతా చెడు వైపు తిరగలేదు. కోళ్లఫారం నడిపేవాళ్లు ఇక్కడుంటే వాళ్లకు తెలుసు, చావులు ఒక్క శాతం పెరిగినా ఎంత గోల అవుతుందో.

ఇక్కడ మన వరంగల్ సంగతి రాకపోతే తప్పు. 2006లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి ఏరేశాక మిగిలిన బీటీ చేలల్లో మేసిన గొర్రెలు చాలా చనిపోయాయని కాపరులు చెప్పారు. గొర్రెలు చనిపోవడం అబద్ధం కాదు, కాపరి నష్టమూ అబద్ధం కాదు. ఆ కుటుంబాల మాటను ఎగతాళి చేసేవాళ్లంటే నాకు కోపం. కానీ కారణం ఏమిటన్నది వేరే ప్రశ్న. కేంద్ర జన్యు మదింపు కమిటీ, అంటే జీఈఏసీ, అందుకున్న నివేదికల్లో నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని వచ్చింది. పత్తి చేను అంటే మందు మీద మందు కొట్టిన చేను, ఎండిపోతున్న ఆకులో నైట్రేట్లు కూడా చేరతాయి. బీటీయే కారణమని తేల్చాలంటే అదే ఊళ్లో, అదే వారంలో, అవే మందులు కొట్టిన బీటీ కాని పత్తిలో మేసిన మంద కావాలి, చనిపోయిన ప్రతి గొర్రె కాలేయం, కడుపులో మేత వెంటనే ల్యాబుకు వెళ్లాలి. పక్కన పెట్టి చూడడానికి కంట్రోల్ లేకపోతే మనకు మిగిలేది అనుమానమే. ఆ అనుమానాన్ని అప్పుడే, అక్కడే, గట్టి పరీక్షతో తీర్చే వ్యవస్థ మండల స్థాయిలో ఉండి ఉంటే ఆ కాపరులకు న్యాయం జరిగేది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. "పరిశోధనలన్నీ కంపెనీలవే కదా" అంటారు. పూర్తిగా కాదు, కానీ అనుమానానికి ఆధారం ఉంది. 2011లో డీల్స్ బృందం ఆరోగ్య, పోషక విషయాల మీద వచ్చిన 94 పత్రాలను చూసింది. రచయితల్లో కంపెనీ ఉద్యోగి ఉన్న పత్రాలు పంటకు అనుకూలంగా తేలడం స్పష్టంగా కనిపించింది. కంపెనీ డబ్బు ఇచ్చిందా లేదా అన్నదానితో మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. దీన్ని దాచిపెట్టి మాట్లాడేవాళ్లను నమ్మకండి. అందుకే నేను యూరోపియన్ యూనియన్ డబ్బుతో జరిగినవాటికి ఎక్కువ విలువ ఇస్తాను. ఈ పంటలను సాగు చేయడానికి అక్కడ చాలా దేశాలు ఒప్పుకోవు, కాబట్టి అవి మంచివని తేల్చాలన్న ఒత్తిడి ఆ ప్రభుత్వాలకు లేదు. అయినా అక్కడి పరీక్షల్లోనూ హాని కనిపించలేదు. 2015లో మూడు వందల మందికి పైగా సంతకాలు చేసిన ప్రకటన ఒకటి వచ్చింది, ఈ విషయంలో శాస్త్రవేత్తల ఏకాభిప్రాయం లేదని. అది కూడా చదవండి. అందులో పద్ధతుల మీద అడిగిన ప్రశ్నలు కొన్ని సరైనవే. కానీ మార్కెట్లో ఉన్న ఫలానా పంట తిన్నవాళ్లకు ఫలానా జబ్బు వస్తోందని నిలబడే ఆధారం అందులోనూ లేదు.

ఇంతకీ సమీక్షలు ఎక్కడ ఆగాయి? "ఇప్పటికి మార్కెట్లో ఉన్నవి" దగ్గర ఆగాయి. రేపు వచ్చే పంటకు ఈ తీర్మానం లైసెన్సు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జన్యు మార్పిడి ఆహారాలన్నిటి గురించీ ఒకే మాట చెప్పడం కుదరదు, ఒక్కోదాన్నీ విడిగా చూడాలి అంటుంది. ఎందుకంటే ప్రమాదం జరిగే అవకాశం నిజంగా ఉంది, ఒకసారి దగ్గర దాకా వచ్చింది. సోయాలో మీథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. దాన్ని పెంచడానికి ఒక విత్తన కంపెనీ బ్రెజిల్ నట్ అనే గింజలోని జన్యువును సోయాలో పెట్టింది. ఆ గింజ కొందరికి తీవ్రమైన ఎలర్జీ తెప్పిస్తుందని ముందే తెలుసు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఆ ఎలర్జీ ఉన్న తొమ్మిది మంది రక్తరసితో పరీక్షిస్తే ఎనిమిది మందిది ఈ కొత్త ప్రొటీన్‌కు స్పందించింది. సోయాతో పాటు ఎలర్జీ కూడా వచ్చి చేరిందన్నమాట. కంపెనీ ఆ విత్తనాన్ని మార్కెట్లోకి తేలేదు, ఫలితం 1996లో అచ్చయింది. దీన్ని రెండు పక్షాలూ వాడుకుంటాయి. ఒకరు చూశారా ప్రమాదం అంటారు, ఇంకొకరు చూశారా పరీక్ష పనిచేసింది అంటారు. ఇద్దరి మాటా నిజమే, అందుకే పరీక్షను సడలించమనేవాళ్లకు నేను ఎదురు.

పరీక్ష సరిగ్గా ఉన్నా కాపలా సరిగ్గా లేకపోతే ఏమవుతుందో స్టార్‌లింక్ మొక్కజొన్న చూపించింది. అందులోని ప్రొటీన్ త్వరగా అరగదు, కాబట్టి ఎలర్జీ అనుమానంతో దాన్ని పశువులకు మాత్రమే ఒప్పుకున్నారు. 2000 సెప్టెంబరులో అది మనుషులు తినే మొక్కజొన్న టాకోల్లో దొరికింది. గోదాముల్లో కలిసిపోయింది, కలవకుండా ఉంటుందని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు. తిని ఒంట్లో బాగాలేదన్నవాళ్ల రక్తాన్ని పరీక్షిస్తే ఆ ప్రొటీన్‌కు ఎలర్జీ ఉన్నట్టు ఆధారం దొరకలేదు. హాని తేలలేదు సరే, కానీ మనుషులకు వద్దన్నది మనుషుల పళ్లెంలోకి వచ్చింది. మన దేశంలో నకిలీ విత్తనాలు, అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి ఎలా దొంగచాటుగా తిరుగుతున్నాయో తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇంకో హద్దు కలుపు మందు. మందు తట్టుకునే పంటలో జన్యువు వేరు, దాని మీద కొట్టే రౌండప్ లాంటి మందులోని గ్లైఫోసేట్ వేరు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం గ్లైఫోసేట్‌ను "బహుశా క్యాన్సర్ కారకం" జాబితాలో పెట్టింది, అదే ఏడాది యూరప్ ఆహార భద్రత సంస్థ ఆ అవకాశం తక్కువంది. ఈ తగాదా ఇంకా నడుస్తోంది. జన్యు మార్పిడి తిండి మీద వచ్చిన తీర్మానాన్ని తెచ్చి మందుకు అతికించకూడదు, మందు మీద భయాన్ని తెచ్చి బీటీ వంకాయకూ అతికించకూడదు, బీటీ వంకాయకు కలుపు మందుతో సంబంధమే లేదు.

సమయం అయిపోతోంది, చీటీల మీద వచ్చిన ప్రశ్నల్లో రెండు తీసుకుంటాను.

ఒకరు అడిగారు: "మన దేశంలో తినే పంటల్లో ఇవి లేవు కదా, మనకెందుకు టెన్షన్?" లేవని అనుకోకండి. 2002 నుంచి మనం బీటీ పత్తి పండిస్తున్నాం, ఆ గింజల నూనె వంటల్లో, మిర్చి బజ్జీల్లో, చిప్స్‌లో వాడుతున్నారు, ఆ పత్తి చెక్క గేదెలు తింటున్నాయి. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనె చాలావరకు జన్యు మార్పిడి సోయాదే. 2021లో కోళ్ల దాణా ధర మండిపోతే 12 లక్షల టన్నుల జన్యు మార్పిడి సోయా పిండి దిగుమతికి కేంద్రం ఒప్పుకుంది. భయపడమని చెప్పడం లేదు. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ గానీ జన్యు పదార్థం గానీ దాదాపు మిగలదు, మిగిలేది కొవ్వే. అది మామూలు గింజ నూనె లాంటిదే. తెలుసుకుని తినే హక్కు మాత్రం ఉండాలి, సీసా మీద స్పష్టంగా రాయాలి, అది నేను గట్టిగా అడుగుతాను.

రెండో చీటీ: "బీటీ వంకాయ వస్తే మీరు తింటారా?" ఈ వంకాయకు జీఈఏసీ 2009 అక్టోబరులో ఒప్పుకుంది, మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు ఊళ్లలో జనం మాట విని 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి పండిస్తున్నారు, అక్కడ అమ్ముతున్నారు, తింటున్నారు. నేను తింటాను. మన వంకాయ రైతు కాయతొలిచే పురుగు కోసం పంటకాలం పొడుగునా మళ్లీ మళ్లీ కొట్టే మందుల అవశేషాలను కూడా లెక్కలో వేసుకుని ఈ మాట చెబుతున్నాను. మొక్కజొన్నలో ఇలాంటిది ఇప్పటికే లెక్కకు వచ్చింది. పురుగు తొలిచిన కంకిలో బూజు పడుతుంది, బూజుతో ఫ్యుమోనిసిన్ అనే విషం వస్తుంది. 1996 నుంచి 2016 దాకా వచ్చిన పరిశోధనలను కలిపిన 2018 నాటి విశ్లేషణలో జన్యు మార్పిడి మొక్కజొన్నలో ఆ విషం దాదాపు 30 శాతం తక్కువ ఉంది. అయితే వంకాయ మీద ఇక్కడ జరిగిన పరీక్షల వివరాలన్నీ, ఎలుకల పట్టికలతో సహా, ఎవరైనా చూసుకునేలా బయట ఉండాలి, మళ్లీ చేయాల్సినవి కంపెనీతో సంబంధం లేని ల్యాబులో ప్రభుత్వ డబ్బుతో చేయాలి. యూరప్ ఎన్‌కే603 మొక్కజొన్నకు చేసింది ఇదే, వంకాయ ఎక్కువగా తినే మన దేశం వంకాయకు చేయలేకపోవడానికి కారణం నాకేమీ కనిపించడం లేదు.